బ్లాక్‌లిస్టులో పడ్డ పోస్టుమాస్టరు

మా ఆఫీసులో ఆయన్ని అందరూ పోస్టుమాస్టరు అంటారు. ఆయనకి ఖాకీ చొక్కా లేదు, సంచి లేదు, జీవితంలో ఒక్క స్టాంపు అంటించిన పాపాన పోలేదు. మాది లిఫ్టులు బిగించి, పాడైతే బాగుచేసే కంపెనీ. అందులోంచి బయటికి పోయే ప్రతి మెయిలూ ఆయన గదిలో ఉన్న నల్లపెట్టె గుండానే పోవాలి. దాన్ని సర్వరంటారు. ఆ గదిలో ఏసీ ఉంది కానీ, దాని గాలి పెట్టె వైపుకి తిప్పి ఉంటుంది. ఆయన పక్కన చెమటలు తుడుచుకుంటూ కూర్చుంటాడు.

నేను ముందుగదిలో ఫోను దగ్గర కూర్చుంటాను. మా షోకి పెట్టిన లిఫ్టు కూడా నా ఎదురుగానే ఉంటుంది. వచ్చిన గిరాకీలను అందులో ఎక్కించి నాలుగో అంతస్తుకి తీసుకెళ్ళడం మా పెద్దసారుకి సరదా. లిఫ్టులో ఎవరైనా గంట నొక్కితే నా బల్ల మీదున్న డబ్బాలో వాళ్ళ మాట వినిపిస్తుంది. అసలు మా పోస్టుమాస్టరు ఈ కంపెనీలోకి వచ్చిందే ఆ డబ్బాలు బిగించడానికి. తర్వాత కంప్యూటర్లొస్తే వాటి వైర్లు బిగించాడు, మెయిలొస్తే మెయిలు చూసుకున్నాడు. ఎవరూ ఈ పని నీదని చెప్పలేదు. ఆయనా నాది కాదని చెప్పలేదు. అలా పెట్టె ఆయన ఒళ్ళో పడింది.

ఆయన మహా మంచివాడు గానీ మాట్లాడడు. "టీ తెప్పించనా తమ్ముడూ?" అని నేను గుమ్మంలో నుంచుని అడిగితే నా మొహం చూసి నవ్వుతాడు. నేను వెనక్కొచ్చి కూర్చునేసరికి నా కంప్యూటర్లో మెయిలొచ్చి ఉంటుంది: "అవును అక్కా. చక్కెర తక్కువ." ఒకసారి ఆయన గదిలో పొగొస్తే కూడా మెయిలే రాశాడు. పైన "అత్యవసరం" అని పెట్టాడు, అదొక్కటే తేడా.

వాళ్ళావిడ మాత్రం ఆయన వాటా కూడా తనే మాట్లాడేస్తుంది. పొద్దున్న క్యారేజీ మర్చిపోతే తీసుకొచ్చి, నా దగ్గర కూర్చుని కడుపులో ఉన్నదంతా కక్కేసి వెళ్తుంది. "పెళ్ళి మాటలప్పుడు మా నాన్న 'అబ్బాయీ, నీకు ఇష్టమేనా' అని అడిగితే ఈయన తల ఊపాడు వదినా. ఇవాళ్టికీ ఆ ఊపుడు అవుననో కాదనో నాకు తెలియదు" అంటుంది. నవ్వుతూనే అంటుంది. ఇంటి అద్దె పెంచుతానని వచ్చినాయన దగ్గర కూడా ఈయన తల ఊపాడట. అది మాత్రం అవుననే అయిందట.

మా పెద్దసారు ఆయనకి పూర్తిగా ఎదురు. మాట్లాడటం మొదలుపెడితే ఆపడం ఆయనకి తెలియదు. చెడ్డవాడు కాడు, ఎవరి జీతమూ ఆపలేదు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే, లోకాన్ని బాగుచేయాలని. లిఫ్టులు బాగుచేసినంత కాలం ఫరవాలేదు. లోకం మీద పడ్డాకే చిక్కొచ్చింది. ప్రతి సోమవారం "ఈ వారం మంచిమాట" అని ఒకటి రాసి, దాని కింద తన ఫోటో పెట్టి మెయిలు పంపడం మొదలుపెట్టాడు. "లిఫ్టు నిన్ను పైకి తీసుకెళ్తుంది. నీ మనసును ఎవరు తీసుకెళ్తారు?" ఇలాంటివి. మొదట్లో మాకు మాత్రమే పంపేవాడు. మేమందరం "అద్భుతం సార్" అని జవాబు కొట్టేవాళ్ళం. నేను ఆ మాటను దాచిపెట్టుకుని ప్రతి వారం అతికించేదాన్ని.

ఆ అద్భుతాలు చూసి పెద్దసారు బామ్మర్దికి ఆలోచన తట్టింది. మా దగ్గర మార్కెటింగు చూసేది ఆయనే. "బావా, ఇంత మంచిమాట ఈ నాలుగు గోడల మధ్యే ఎందుకు?" అని ఎవరి దగ్గరో ఒక మెయిలు చిరునామాల మూట కొనుక్కొచ్చాడు. అందులో ఎవరెవరున్నారో ఆ దేవుడికే తెలియాలి. ఆ సోమవారం నుంచి మంచిమాట మా గోడలు దాటింది.

మా పోస్టుమాస్టరు ఏసీ గాలి ఎదురుగా నుంచుని ఆ పెట్టె దీపాలను చూశాడట. ఎప్పుడో ఒకటి అరా మిణుకుమనేవి ఆ రోజు ఊపిరాడకుండా కొట్టుకుంటున్నాయట. వెంటనే పెద్దసారుకి మెయిలు రాశాడు: "సార్, అడగనివాళ్ళకి ఇన్ని మెయిళ్ళు పంపితే మనల్ని లిస్టులో పెడతారు." పెద్దసారు "శుభం" అని జవాబిచ్చాడు. పెద్దసారు ఏ మెయిలుకైనా "శుభం" అనే జవాబిస్తాడు. చదివి ఇస్తాడని ఎవరూ అనుకోరు. ఇంకోసారి రాశాడు. మళ్ళీ శుభం. మూడోసారి రాస్తే శుభంతో పాటు చేతులు జోడించిన బొమ్మ కూడా వచ్చింది.

ఒక మంగళవారం నా ఫోను పొద్దున్నే మొదలుపెట్టి ఆగలేదు. కొటేషన్ రాలేదని ఒకరు, సామాను ఎప్పుడొస్తుందని ఇంకొకరు. అందరికన్నా గట్టిగా అరిచినవాడు ఒక అపార్ట్‌మెంటు సెక్రటరీ. ఆయన బిల్డింగు లిఫ్టు తలుపు సరిగా మూసుకోవడం లేదు.

"ఏమ్మా, కొటేషన్ పంపుతామని చెప్పి ఎన్నాళ్ళయింది? మా కమిటీ కొట్టేలా ఉంది నన్ను!"

"పంపామండీ, నిన్ననే పంపారు."

"పంపితే ఏది? గాల్లో కలిసిపోయిందా? ఆఁ, ఒకటి మాత్రం చెప్పాలి. ఈ వారం మీ సోమవారం సూక్తి కూడా రాలేదు. అదొక్కటే సుఖంగా ఉంది. నేను దాన్ని ఎన్నిసార్లు స్పామ్‌లో పడేశానో తెలుసా? అది చదివి మా ఆవిడ, 'మీరు కూడా మనసును పైకి తీసుకెళ్ళండి' అంటోంది!"

నేను లోపలికి వెళ్ళేసరికి పోస్టుమాస్టరు తిరిగొచ్చిన మెయిళ్ళు చూస్తున్నాడు. పంపినవి గోడకి కొట్టిన బంతుల్లా వెనక్కొచ్చి పడుతున్నాయి. అన్నిట్లోనూ ఒకటే మాట: మీ సర్వరు చిరునామా ఫలానా బ్లాక్‌లిస్టులో ఉంది కాబట్టి మీ మెయిలు తీసుకోం.

"అసలు ఈ లిస్టేంటి తమ్ముడూ? ఎవరు పెడతారు?"

ఆ రోజు ఆయన నోటితోనే చెప్పాడు. పని గురించి అడిగితే మాత్రం ఆయనకి నాలుగు మాటలొస్తాయి. "అక్కా, ఊళ్ళో ఏ ఇంటి నుంచి చెత్త వస్తుందో రాసి పెట్టుకునేవాళ్ళు కొందరుంటారు. మిగతావాళ్ళు ఉత్తరం తీసుకునే ముందు వాళ్ళనడుగుతారు. 'ఈ ఇంటి నుంచి వచ్చింది, తీసుకోవచ్చా?' అని. వాళ్ళు వద్దంటే తలుపు తీయరు."

"మనం వద్దన్న ఇల్లా?"

"చూద్దాం" అన్నాడు. తిరిగొచ్చిన మెయిల్లో మా సర్వరు నంబరు ఉంది, చుక్కలతో విడదీసిన నాలుగు ముక్కలు. ఆయన ఆ ముక్కల్ని వెనక నుంచి రాశాడు. చివరిది ముందు, ముందుది చివర. దాని వెనక ఆ లిస్టు పేరు తగిలించి, మా సర్వరు నుంచే అడిగాడు. నూట ఇరవై ఏడుతో మొదలయ్యే ఒక జవాబొచ్చింది.

"ఇదేంటి?"

"ఉన్నాం. లేకపోతే 'అలాంటి పేరే లేదు' అని వచ్చేది."

"అంటే లేదనిపించుకోవడమే మంచిదా?"

"ఇక్కడ అంతే అక్కా." తర్వాత ఆ లిస్టువాళ్ళ సొంత పేజీకి వెళ్ళి అదే నంబరు కొట్టి చూశాడు. అక్కడ కారణం కూడా ఉంది: మీ దగ్గర్నుంచి వల చిరునామాలకి మెయిళ్ళు వచ్చాయి. వల అంటే ఏమిటో కూడా చెప్పాడు. ఎవరూ వాడని, ఎవరికీ ఇవ్వని చిరునామాలను కావాలని అక్కడక్కడా వదిలి ఉంచుతారట. వాటికి మెయిలు వస్తే, పంపినవాడు ఎవరినీ అడక్కుండా ఎక్కడో ఏరుకొచ్చిన మూటకి పంపుతున్నాడని అర్థమట. బామ్మర్ది కొన్న మూటలో అవి ఎన్ని ఉన్నాయో!

పెద్దసారు మమ్మల్నందర్నీ పిలిచాడు. పోస్టుమాస్టరు గోడకి ఆనుకుని నుంచున్నాడు.

"మెయిళ్ళు రావడం లేదా?" అన్నాడు పెద్దసారు.

"వస్తున్నాయి సార్. వెళ్ళడం లేదు" అన్నాను నేనే.

"వస్తున్నాయంటే పెట్టె బాగానే ఉన్నట్టు కదా?"

బామ్మర్ది అప్పటికే సెల్‌ఫోను తీశాడు. "బావా, నేను చూస్తానుండు. ఇదిగో ఆ పేజీ. నంబరు దానంతటదే వచ్చేసింది. నొక్కాను... ఆఁ! లిస్టులో లేదట! ఊరికే కంగారు పెడుతున్నారు మనవాళ్ళు."

అందరూ చప్పట్లు కొట్టబోయారు. పోస్టుమాస్టరు గొంతు సవరించుకుని, "అది మీ ఫోనుకున్న ఇంటర్నెట్ నంబరండీ" అన్నాడు. "పేజీ ఎవరు తెరిస్తే వాళ్ళ నంబరు చూపిస్తుంది. అడగాల్సింది మెయిలు పంపే సర్వరు నంబరు." బామ్మర్ది "నాకు తెలుసు, మీరు గమనిస్తారో లేదో చూశాను" అన్నాడు. ఆయనకి ఆ విద్య బాగా వచ్చు.

సర్వరు నంబరు కొడితే లిస్టులో ఉందని ఎర్రగా వచ్చింది. కింద ఒక బొత్తాం, "తీసేయండి" అని. బామ్మర్ది వెంటనే నొక్కేశాడు. పక్కనే "ముందు కారణం సరిచేశారా?" అని ఉంటే దానికి అవునని టిక్కు పెట్టాడు. పోస్టుమాస్టరు చెయ్యి ఎత్తాడు, నోరు తెరిచాడు. పెద్దసారు ఆయన వైపు చూసేసరికి ఆ చేత్తో తల గోక్కున్నాడు.

మధ్యాహ్నానికి లిస్టులోంచి పేరు పోయింది. మెయిళ్ళు కదిలాయి. బామ్మర్ది బిస్కెట్ పొట్లాలు తెప్పించి పంచాడు. "చూశారా? ఒక్క నొక్కు! దీనికి ఇంత గోల చేశారు" అని పోస్టుమాస్టరు భుజం తట్టాడు. ఆయన తన గదికెళ్ళి, కారణం అలాగే ఉంది, మూట అలాగే ఉంది అని పెద్దసారుకి మెయిలు రాశాడు. శుభం.

మళ్ళీ సోమవారం వచ్చింది. మంచిమాట వెళ్ళింది. "పడినవాడు లేస్తాడు, లేచినవాడు నేర్చుకుంటాడు." మేము భోజనాల నుంచి లేచేలోగా మళ్ళీ పడ్డాం. నేర్చుకున్నది మాత్రం ఏమీ లేదు. ఈసారి ఆ బొత్తాం లేదు. దాని చోట ఒక దరఖాస్తు ఉంది. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మళ్ళీ జరగకుండా ఏం చేశారు, మీ కంపెనీ చిరునామా నుంచే రాయండి, మనిషి చదువుతాడు అని.

పెద్దసారుకి కోపం వచ్చింది. ఆయన కోపం కూడా ఉపన్యాసమే. చివర్లో మాత్రం పోస్టుమాస్టరు వైపు తిరిగి, "ఇదిగో, వచ్చే సోమవారం లోపల ఇది తేలాలి. తేలకపోతే పెట్టె పీకించేసి బయట మెయిలు సర్వీసు అద్దెకి తీసుకుంటాం. పెట్టె లేని చోట పోస్టుమాస్టరు ఎందుకు, నువ్వే చెప్పు" అన్నాడు.

నువ్వే చెప్పు అంటే ఎవరైనా ఏదో ఒకటి చెబుతారు. ఈయన తల ఊపాడు.

ఆ సాయంత్రం వాళ్ళావిడ ఫోను చేసింది. "వదినా, ఈయన ఇంటికొచ్చి గోడ గడియారం విప్పి మళ్ళీ బిగిస్తున్నాడు. అది బాగానే నడుస్తోంది. ఏమైంది?" నేను చెప్పాను. కాసేపు ఆవిడ కూడా మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోవడం నేను వినడం అదే మొదటిసారి. తర్వాత మెల్లగా, "ఈ వయసులో ఇంకో చోట ఉద్యోగానికెళ్తే, అక్కడ మాట్లాడించి చూస్తారు వదినా. ఈయన ఏం మాట్లాడతాడు? ఇన్నేళ్ళకి మీరంతా అలవాటయ్యారు" అంది.

మరునాడు మావాళ్ళు చేసిన పని ఇంకెవరూ చేయరు. దరఖాస్తు మనిషి చదువుతాడని ఉంది కదా, ఆ మాట పట్టుకున్నారు. బామ్మర్ది అన్నాడు, "మనిషంటే మన దారికి వచ్చినట్టే బావా. ఒక్క అర్జీ ఇస్తే ఎవడు పట్టించుకుంటాడు? అందరం కలిసి ఇద్దాం. ఒత్తిడి తేవాలి!" పెద్దసారు నిజమేనన్నాడు. ఆ పొద్దు ఆఫీసు పని ఆగిపోయింది. అకౌంట్సు వాళ్ళు, మెకానిక్కులు, స్టోర్సు ఆయన, అందరూ వరస పెట్టి దరఖాస్తు నింపారు.

"ఏం రాయాలి?" అని ఒకరంటే, "మనది పాత కంపెనీ అని రాయి" అని ఇంకొకరు. స్టోర్సు ఆయన తన మోకాలి ఆపరేషన్ గురించి రాశాడు. ఒక మెకానిక్కు, "మా సారు దేవుడు, నమ్మకపోతే వచ్చి చూడండి, లిఫ్టు ఉచితం" అని రాశాడు. బామ్మర్ది తనకి పైన తెలిసినవాళ్ళున్నారని రాశాడు. ఎవరి పైన, ఏ పైన అన్నది రాయలేదు. నన్ను కూడా రాయమన్నారు. నేను కరెంటు పోయిందని చెప్పి తప్పించుకున్నాను. లిఫ్టు నా ఎదుటే పైకీ కిందకీ తిరుగుతోంది, అయినా ఎవరూ అడగలేదు.

సాయంత్రానికి జవాబు వచ్చింది. మనిషి రాసిందో మిషను రాసిందో గానీ చల్లగా ఉంది: ఈ ఒక్క చిరునామాకి లెక్కకు మించి అర్జీలు వచ్చాయి, ఒక్కదాంట్లోనూ కారణం లేదు. శుక్రవారం దాకా ఈ చిరునామా నుంచి దరఖాస్తులు తీసుకోం. ఆ తర్వాత కూడా కారణం సరిచేసి రాస్తేనే చూస్తాం.

బామ్మర్ది చదివి, "చూశావా బావా, ఒత్తిడికి లొంగి జవాబైతే ఇచ్చారు!" అన్నాడు. తర్వాత ఇంకో ఆలోచన వదిలాడు. "అసలు ఆ నంబరే మార్చేద్దాం. కొత్త నంబరు తీసుకుంటే సరి." పోస్టుమాస్టరు దానికి మెయిల్లో జవాబిచ్చాడు: "ఇల్లు మారినా చెత్త అదే పోస్తే, అక్కడివాళ్ళూ రాసుకుంటారు. పైగా కొత్త నంబరుని మొదట ఎవరూ నమ్మరు." బామ్మర్ది ఆ మెయిలు తెరవలేదు.

శుక్రవారం పొద్దున్న నేను ఆయన గదిలోకి వెళ్ళి తలుపేశాను. ఆయన మళ్ళీ పెద్దసారుకి మెయిలు రాస్తున్నాడు. చాలా పెద్ద మెయిలు. నేను కీబోర్డు లాగేసుకున్నాను.

"తమ్ముడూ, ఆయన చదవడు. నువ్వు ఎన్ని రాసినా శుభమే. నోటితో చెప్పాలి."

"ఏమని చెప్పను అక్కా? మీ మంచిమాట చెత్త అనా?"

"చెత్త అనక్కర్లేదు. అడగనివాళ్ళకి పంపుతున్నారని చెప్పు. ఆ సెక్రటరీ నాతో చెప్పినట్టు చెప్పు."

"గదిలోకి వెళ్తే ఆయన మాట్లాడతాడు. నాకు సందు దొరకదు. మధ్యలో ఫోను మోగుతుంది, బామ్మర్ది గారొస్తారు, ఆయన లేచి వెళ్ళిపోతారు."

"అయితే ఆయన వెళ్ళిపోలేని చోట చెప్పు" అన్నాను. నాకేదో ఊరికే నోటికొచ్చింది. ఆయన మాత్రం తలుపు వైపు, అంటే లిఫ్టు వైపు, కాస్త ఎక్కువసేపు చూశాడు.

పెద్దసారు రాగానే లిఫ్టు ఎక్కాడు. పోస్టుమాస్టరు పరుగున వెళ్ళి మూసుకునే తలుపుల మధ్య దూరాడు. నేను గుడ్లప్పగించి చూస్తున్నాను. పైన అంకె రెండు చూపించింది. రెండు దాటి మూడు రావాలి. రాలేదు. ఇంతలో నా బల్ల మీది డబ్బా గంట మోగింది. ఎత్తాను.

"ఎవరక్కడ? లిఫ్టు ఆగిపోయింది! మన లిఫ్టు ఆగడమేంటి!" పెద్దసారు గొంతు.

"నేనే ఆపాను సార్" అని ఇంకో గొంతు. ఎవరిదో ఒక్క క్షణం పోల్చుకోలేకపోయాను. అంత గట్టిగా ఎప్పుడూ వినలేదు.

"నువ్వా? ఎందుకు?"

"మనం లిస్టులో పడింది మీ సోమవారం మాట వల్ల సార్."

"నా మాట వల్లా? అందులో తప్పేముందయ్యా? బూతులున్నాయా?"

"లేవు సార్. మంచిదే. కానీ అడగనివాళ్ళకి వెళ్తోంది. మీ బామ్మర్దిగారు కొన్న మూటలో ఉన్నవాళ్ళెవరూ మనల్ని అడగలేదు."

"మంచిమాట అడిగి చెబుతారా ఎక్కడైనా?"

"మెయిల్లో అయితే అడిగే చెప్పాలి సార్."

"మరి అద్భుతం, అద్భుతం అని ఇన్ని జవాబులొస్తున్నాయే?"

"అవి మనవాళ్ళవి సార్. మన జీతం తీసుకునేవాళ్ళవి. బయటినుంచి వచ్చేవి 'ఇక పంపకండి' అని వస్తాయి. అవి నా పెట్టెలో పడతాయి."

"ఎన్ని?"

"చెప్పమంటారా?"

"వద్దు."

ఈసారి పెద్దసారు గొంతు కాస్త చిన్నదైంది. "ఆ దరఖాస్తులో ఏదో వైరస్ వచ్చిందని రాయకూడదా?"

"వాళ్ళ వలలో పడ్డ మెయిలు వాళ్ళ దగ్గరే ఉంది సార్. కింద మీ ఫోటోతో సహా."

నాకు నవ్వొచ్చింది. ఆపుకోబోతే దగ్గొచ్చింది. "ఎవరది?" అన్నాడు పెద్దసారు.

"నేనే సార్. మెకానిక్కుని పంపమంటారా?"

"నువ్వు విన్నావా ఇదంతా?"

"అంతా కాదు సార్. 'నేనే ఆపాను' దగ్గర్నుంచే."

పెద్దసారు పెద్ద నిట్టూర్పు విడిచాడు. "అంత మంది విసుక్కుంటున్నారని ముందే ఎందుకు చెప్పలేదయ్యా నువ్వు?"

"నాలుగుసార్లు రాశాను సార్. మీరు శుభం అన్నారు."

"సరే. ఏది నిజమో అదే రాయి. నా పేరు రాయాలా?" అని వినిపించింది.

"పేరడగరు సార్. కారణమే అడుగుతారు."

"అయితే రాయి. ముందు ఈ లిఫ్టు కదిలించు."

లిఫ్టు కదిలింది. పోస్టుమాస్టరు కిందికి దిగొచ్చి నా ముందు నుంచున్నాడు. చొక్కా మొత్తం తడిసిపోయింది. నా మొహం చూసి నవ్వాడు. లోపలికెళ్ళాక మెయిలొచ్చింది: "అక్కా, టీ. చక్కెర ఎక్కువ."

ఆ రోజు ఆయన పనిచేస్తుంటే చూడాలి. బామ్మర్ది కొన్న మూట చెరిపేశాడు. వెళ్ళలేక వరసలో నిలబడిపోయి, సందు దొరికితే పోదామని మళ్ళీ మళ్ళీ తలుపు తడుతున్న పాత మంచిమాటల్ని తీసిపారేశాడు. వాటిని వదిలేసి దరఖాస్తు పెడితే, లిస్టులోంచి తీసిన మరుక్షణం అవే వెళ్ళి మళ్ళీ వలలో పడతాయట. ఆఫీసులో ఇంకే కంప్యూటరైనా దొంగచాటుగా మెయిళ్ళు పంపుతోందేమో చూశాడు. సర్వరు తప్ప ఇంకేదీ నేరుగా బయటికి మెయిలు పంపకుండా దారి మూశాడు. అప్పుడు దరఖాస్తు రాశాడు. నాకు చదివి వినిపించాడు కూడా.

"మా కంపెనీ కొన్న చిరునామాలకి వారి అనుమతి లేకుండా వారంవారం మెయిలు పంపింది. తప్పు మాదే. మొదటిసారి కారణం సరిచేయకుండానే తీసేయమని అడిగాం, అదీ తప్పే. ఆ చిరునామాలన్నీ చెరిపేశాం, మిగిలిన మెయిళ్ళు ఆపేశాం. ఇకపై అడిగి, అవునని తిరిగి చెప్పినవారికే పంపుతాం. అనేకమంది అర్జీలు పెట్టి మిమ్మల్ని విసిగించినందుకు క్షమించండి."

"మోకాలి ఆపరేషన్ గురించి కూడా క్షమాపణ చెప్పు" అన్నాను. నవ్వాడు.

దరఖాస్తు పెట్టగానే, అడిగింది నిజంగా మీరేనా అని మా కంపెనీ చిరునామాకే ఒక లింకు వచ్చింది. రావడానికి మాకు అడ్డేమీ లేదు కదా, పోవడానికే కదా. నొక్కాడు. శనివారం జవాబొచ్చింది: చూశాం, తీసేస్తున్నాం, ఈ సంగతి అన్ని చోట్లకీ చేరడానికి కొంతసేపు పడుతుంది. ఆయన మళ్ళీ ఆ నాలుగు ముక్కల్నీ వెనక నుంచి రాసి అడిగాడు. "అలాంటి పేరే లేదు" అని వచ్చింది. లేదనిపించుకుని అంత మురిసిపోయిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. వాళ్ళావిడకి నేనే ఫోను చేశాను. "ఆయన మాట్లాడాడు" అన్నాను. "ఎవరు?" అంది ఆవిడ. నిజంగానే అడిగింది.

వెనక్కొచ్చిన మెయిళ్ళు వాటంతటవి పోవట. అన్నీ మళ్ళీ పంపాలి. సెక్రటరీ కొటేషన్ మొదట పంపించాను. పంపి ఫోను చేశాను.

"ఆఁ, వచ్చిందమ్మా. మరి ఆ సూక్తి?"

"ఇక అడిగితేనే వస్తుందండీ."

"నేనడగను" అని పెట్టేశాడు.

ఆ సోమవారం పెద్దసారు పెట్టె ముందుకొచ్చి నుంచున్నాడు. దీపాలు మెల్లగా మిణుకుమంటున్నాయి. "ఉండనీ" అన్నాడు. పోస్టుమాస్టరు తల ఊపాడు. ఈసారి ఆ ఊపుడు దేనికో నాకు తెలుసు.

మంచిమాట కావాలా అని గిరాకీలందర్నీ ఒకసారి అడిగాం. కొటేషన్ల కింద ఒక వాక్యం పెట్టాం. అవునన్నది ఒక్కరే, పెద్దసారు అత్తగారు. మరుసటి వారం ఆవిడ నాకు ఫోను చేసి, "అమ్మాయ్, దీన్ని ఆపాలంటే ఎక్కడ నొక్కాలి? అల్లుడికి చెప్పకు" అంది.

అలా అని పెద్దసారు ఊరుకునే మనిషా! ఆ రోజు లిఫ్టులో ఇరుక్కున్నప్పుడు ఆయన మనసుకి ఒకటి బాగా పట్టిందట. ఆ డబ్బాలో మాట ఎంత స్పష్టంగా వినిపిస్తుందో, మధ్యలో లేచి వెళ్ళిపోవడానికి ఎవరికీ ఎలా వీలుండదో. ఇప్పుడు మా షో లిఫ్టులో స్పీకరు పెట్టించాడు. తలుపులు మూసుకోగానే ఆయన గొంతుతో ఈ వారం మంచిమాట మొదలవుతుంది. నాలుగో అంతస్తు వచ్చేదాకా ఆగదు. బిగించింది మా పోస్టుమాస్టరే. బిగిస్తూ నన్నొకసారి చూశాడు. నేను పైకప్పు చూశాను.

ఇప్పుడు మా ఆఫీసులో మెకానిక్కులతో సహా అందరూ మెట్లెక్కుతున్నారు. నేనూ, పోస్టుమాస్టరూ కూడా. మొన్న పెద్దసారు మెట్ల దగ్గర మమ్మల్ని చూసి ఎంత సంతోషించాడో! "చూశారా, పోయిన వారం ఆరోగ్యం గురించి చెప్పాను. ఎంత మార్పొచ్చిందో" అన్నాడు.

పోస్టుమాస్టరు నోరు తెరవబోయాడు. నేను మోచేత్తో పొడిచాను.

"అద్భుతం సార్" అన్నాను.